రాత్రిపూట కట్టుడు పళ్ళు తీయించాలా, వద్దా?

కృష్ణాతీరం (ప్రశ్న):
మా అమ్మగారికి 78 ఏళ్ళు, మధుమేహం ఉంది. పైనా కిందా కట్టుడు పళ్ళు పెట్టించి తొమ్మిదేళ్ళయింది. రాత్రి కూడా వాటితోనే పడుకుంటారు. ఆరు నెలలుగా కింది సెట్టు కదులుతోందని అంటించే పేస్టును రోజుకు మూడుసార్లు పెట్టుకుంటున్నారు. రాత్రి తీయమంటే కోపగించుకుంటున్నారు. బలవంతంగానైనా తీయించాలా?

విశ్రాంత మాస్టారు:
అవసరం లేదు. నేను 14 ఏళ్ళుగా సెట్టుతోనే నిద్రపోతున్నాను, ఇంతవరకు నొప్పి గాని, పుండు గాని లేదు. పైగా బయట పెడితే అది ఎండిపోయి ఆకారం మారుతుందని నాకు సెట్టు కట్టిన డాక్టరే చెప్పారు. అమ్మగారిని ఆవిడ మానాన ఉండనివ్వండి.

దంతవైద్యురాలు, వరంగల్:
మాస్టారూ, ఎండితే ఆకారం మారుతుందన్నది నిజమే. అయితే దానికి మందు సెట్టును నోట్లో ఉంచడం కాదు, మూత ఉన్న డబ్బాలో చల్లని నీళ్ళు పోసి అందులో ముంచి ఉంచడం. ఆ నీళ్ళను రోజూ మార్చాలి.

నొప్పి లేదు కనుక ఏమీ లేదనుకోవడం దగ్గరే చాలామంది పొరపడతారు. పై సెట్టు అంగిలిని రాత్రింబగళ్ళు మూసి ఉంచితే దాని కిందికి లాలాజలం సరిగా అందదు. సెట్టు లోపలి గరుకులో క్యాండిడా అనే శిలీంధ్రం పాచిగా పేరుకుంటుంది. అప్పుడు అంగిలి ఎర్రబడుతుంది గాని, చాలామందికి మంట కూడా తెలియదు. సెట్టు తీసి టార్చి వేసి చూడండి. సెట్టు అంచు ఎక్కడ ఆగుతుందో ఆ ఎరుపు కూడా గీత గీసినట్టు అక్కడే ఆగితే అది ఇదే. మధుమేహం ఉన్నవారిలోనూ, మందుల వల్ల నోరు ఎండిపోయేవారిలోనూ ఇది త్వరగా వస్తుంది.

గోదారి గాలి:
కట్టుడు పళ్ళ గొడవ ఎందుకండీ, స్క్రూ పళ్ళు వేయించేయండి. మా బావగారు వేయించుకుని చెరకు కూడా నములుతున్నారు.

ల్యాబ్ మూర్తి:
నేను 26 ఏళ్ళుగా పళ్ళ ల్యాబులో పని చేస్తున్నాను. ఇక్కడ అసలు సమస్య రాత్రి తీయడం కాదు, కింది సెట్టు వదులు కావడం. పళ్ళు పోయిన దవడ ఎముక ఏటా కొంత అరుగుతుంది, కింది దవడ పైదానికంటే చాలా ఎక్కువగా అరుగుతుంది. పేస్టు వాడకం పెరుగుతోందంటే ఎముకకూ సెట్టుకూ మధ్య ఖాళీ పెరుగుతోందని అర్థం. కొలత తీసి పంపితే లోపల కొత్త పొర వేసి ఒక్క రోజులో ఇస్తాము. సెట్టు బిగిస్తే మిగతా గొడవలన్నీ పోతాయి.

దంతవైద్యురాలు, వరంగల్:
మూర్తిగారూ, వదులు సంగతి మీరు చెప్పింది సరైనదే గాని, వరుస తప్పింది. వాచి ఎర్రబడిన చిగురు మీద కొలత తీస్తే ఆ వాపుకు సరిపోయే పొర తయారవుతుంది. వాపు తగ్గగానే సెట్టు మళ్ళీ ఆడుతుంది, అప్పుడు మీ ల్యాబు పని బాగాలేదని జనం మిమ్మల్నే నిందిస్తారు. కాబట్టి ముందు కొన్నాళ్ళు రాత్రిళ్ళు తీసి చిగురుకు విశ్రాంతినివ్వాలి. అవసరమైతే డాక్టరు రాసిన శిలీంధ్రం మందు నోటికి వాడుతూ, సెట్టును కూడా శుభ్రం చేయాలి. నోటికి మాత్రమే మందు వేసి సెట్టును వదిలేస్తే అందులోని పాచి నుంచే మళ్ళీ మొదలవుతుంది. తొమ్మిదేళ్ళకు పళ్ళు కూడా అరిగిపోయి ఉంటే పొర వేయడం వృథా, కొత్త సెట్టే మంచిది.

ఇంకొక మాట. వదులు సెట్టు ఒరిసి పడిన పుండు, ఆ సెట్టు పెట్టుకోవడం మానేసినా రెండు వారాల్లో మానకపోతే తప్పనిసరిగా చూపించండి. మన దగ్గర పొగాకు, చుట్ట అలవాటున్న పెద్దవారి విషయంలో మరీ ముఖ్యం.

శారద:
మేము మా అత్తగారి సెట్టును పాలసీసాల మాదిరిగా మరిగే నీళ్ళలో వేసి, తరువాత పళ్ళపొడితో గట్టిగా తోముతాము. తళతళలాడుతుంది.

ల్యాబ్ మూర్తి:
అమ్మా, దయచేసి అలా చేయకండి. మరిగే నీళ్ళకు అది వంకర పోతుంది. పళ్ళపొడి గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మురికి చేరుతుంది. మెత్తని బ్రష్షు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, చల్లని నీళ్ళు చాలు. సింకులో సగం నీళ్ళు నింపి తోమితే చేయి జారినా పగలదు. మా దగ్గరికి వచ్చే విరిగిన సెట్లలో చాలావరకు కడుగుతూ జారవిడిచినవే.

విశ్రాంత మాస్టారు:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. 14 ఏళ్ళుగా నాకు ఏమీ కానప్పుడు రాత్రి తీయవలసిన అవసరం ఏమిటి?

దంతవైద్యురాలు, వరంగల్:
2015లో వెలువడిన జపాన్ అధ్యయనంలో 85 ఏళ్ళు దాటిన 524 మందిని మూడేళ్ళు గమనించారు. సెట్టుతో నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. సెట్టు వల్లనే వచ్చిందని ఆ ఒక్క అధ్యయనంతో రుజువు కాలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ నిద్రలో పాచి నిండిన లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారే అవకాశం ముసలితనంలో పెరుగుతుంది. మీ అంగిలిని ఎవరైనా చూసి ఎన్నేళ్ళయింది?

విశ్రాంత మాస్టారు:
అంగిలి నాది, సెట్టు నాది. మూడేళ్ళ క్రితం ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సు రాత్రి నా సెట్టు తీయించి కాగితంలో చుట్టి పెట్టింది. తెల్లవారేసరికి ఊడ్చేవాళ్ళు ఆ కాగితాన్ని చెత్తలో పారేశారు. కొత్తది వచ్చేవరకు నెలన్నర జావ తాగుతూ, చూడవచ్చిన పాత విద్యార్థులతో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడాను. మీరంతా శాస్త్రం చెబుతున్నారు గాని, తీయించినవాడికి ఏమీ పోదు.

కృష్ణాతీరం:
మాస్టారూ, మీ మాట చదివాక నిన్న అమ్మను కోపం లేకుండా అడిగాను. నాన్నగారు పోయేవరకు ఆవిడ ఆయన ముందు ఒక్కరోజూ పళ్ళు లేకుండా కనబడలేదట. ఇప్పుడు మనవరాలు ఆవిడ గదిలోనే పడుకుంటోంది, దాని ముందు బోసినోటితో లేవలేనన్నారు. నేను ఆరు నెలలుగా శుభ్రత గురించి వాదిస్తున్నాను, ఆవిడ చెప్పనిది ఇదీ.

శారద:
అయితే మనవరాలిని వేరే గదిలో పడుకోబెట్టండి.

దంతవైద్యురాలు, వరంగల్:
అదీ కుదరకపోతే పగలే తీయమనండి. మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకునే రెండు మూడు గంటలు, స్నానం ముందు ఒక గంట. రాత్రంతా తీయడంతో సమానం కాదు, అయినా బొత్తిగా తీయకపోవడం కంటే ఎంతో నయం. ఆ సమయంలో చిగుళ్ళనూ నాలుకనూ తడి గుడ్డతో మెల్లగా తుడవాలి, పేస్టు జిగురు మిగలకూడదు. బలవంతం చేస్తే మాత్రం దాచిపెట్టి పెట్టుకుంటారు, ఎరుపు మీకు తెలియదు.

విశ్రాంత మాస్టారు:
పగలు తీసే మాటైతే ఆలోచిస్తాను. మూర్తిగారూ, ఇప్పుడు నేను వాడుతున్న సెట్టు మీద పేరు వేయడానికి వీలవుతుందా?

ల్యాబ్ మూర్తి:
అవుతుంది మాస్టారూ. పేరు రాసిన చిన్న పలుచని ముక్కను బుగ్గ వైపు పెట్టి దాని మీద పారదర్శకమైన పొర వేస్తాము, కడిగినా పోదు. పంపేటప్పుడు ఎండనివ్వకండి, తడి దూదిలో పెట్టి డబ్బా మూత బిగించి పంపండి.