యాసను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకోవాలా, అక్కడే అడగాలా?

పార్వతీపురం అబ్బాయి: పుణెలో టెస్టింగ్ టీంలో చేస్తున్నా. ఎనిమిది మందిలో నేనొక్కణ్నే తెలుగు. నేను ‘మీటింగ్ హో గయా’ అంటే ఒకతను నా గొంతు పెట్టి అదే మాట అంటాడు, అందరూ నవ్వుతారు. ఎర్రర్‌ని ‘యెర్రర్’ అంటానట, ఇప్పుడు నా పేరే అదైపోయింది. మొన్న క్లయింట్ కాల్‌లోనూ అన్నాడు. నవ్వి వదిలేయాలా, మొహం మీదే చెప్పాలా?

పాతకాపు: వదిలెయ్ తమ్ముడూ. నేను ఢిల్లీ వెళ్లిన కొత్తలో నన్ను మద్రాసీ అనేవాళ్లు. మనది మద్రాసు కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. చివరికి హిందీ బాగా నేర్చుకున్నా, వాళ్లే ఊరుకున్నారు. నువ్వూ అదే చెయ్.

హిందీ మేడమ్: నేర్చుకోమనడం మంచిదే. కానీ ఆ తప్పు ఎందుకు వస్తుందో కూడా చూడండి. మనకి అన్న ‘వచ్చాడు’, అక్క ‘వచ్చింది’, బస్సూ ‘వచ్చింది’. హిందీలో బస్సు ఆడది, ట్రక్కు మగది, మీటింగ్ ఆడది. మన బుర్రలో ఆ లెక్క లేదు, అందుకే ‘గయీ’ బదులు ‘గయా’ వస్తుంది. ఇరవై ఏళ్లు అక్కడున్న తెలుగువాళ్లకీ వస్తుంది. ‘యెర్రర్’ కూడా అంతే. మాట మొదట్లో ‘ఎ’ వస్తే ముందు ‘య’ చేరడం మన నోటి అలవాటు. బోర్డుల మీద ‘యన్.టి.ఆర్.’ అని రాసేది ఎవరు, మనమే కదా. ఆ మాటకొస్తే హిందీలో పొట్టి ‘ఎ’కి అక్షరమే లేదు, అందుకే మన భాష పేరు వాళ్ల నోట ‘తేలుగు’ అవుతుంది. ఇదంతా అతనికి పాఠం చెప్పమని కాదు. నీ మనసులో తప్పు చేశానన్న భావన పోవడానికి.

కొత్త బ్యాచ్: హిందీకి మంచి యాప్ ఏదైనా ఉందా? నాకూ వచ్చే నెల పుణె పోస్టింగ్.

టీం లీడ్ అక్క: యాప్ సంగతి వేరే చోట అడుగు నాన్నా. అబ్బాయ్, సరిదిద్దేవాడికీ వెక్కిరించేవాడికీ తేడా ఒకటే. సరిదిద్దేవాడు నిన్ను పక్కకి పిలిచి ఒకసారి చెబుతాడు. వెక్కిరించేవాడికి చుట్టూ జనం కావాలి.

మా బెంగళూరు టీంలో ఒక కడప అమ్మాయికి ఇలాగే జరిగింది. ఒకతను ఆమె మాటను వెక్కిరించగానే, గొంతు పెంచకుండా ‘నేను చెప్పిందాంట్లో ఏది అర్థం కాలేదు?’ అని అడిగింది. ‘అబ్బే, జోక్’ అన్నాడు. ‘సరే, మూడో బగ్ దగ్గరికి వద్దాం’ అని పనిలోకి వెళ్లిపోయింది. నవ్వడానికి ఎవరికీ సందు దొరకలేదు. అప్పుడు నవ్వేసి సాయంత్రం ఏడిస్తే లాభం లేదు. నువ్వు నవ్వితే నీకూ ఇష్టమే అనుకుంటారు.

రెండు వారాలకి మళ్లీ అన్నాడు. అప్పుడు మేనేజర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టింది. ఏ తేదీ, ఏ మీటింగ్, ఏ మాట, ఎవరెవరున్నారు, ఆ నవ్వుల్లో క్లయింట్ అడిగిన ఏ ప్రశ్నకి జవాబు ఆగిపోయింది. ‘అవమానం’, ‘బాధ’ అన్న మాటలు రాయలేదు. పని ఆగిందన్న ఒక్క వాక్యమే మేనేజర్‌ని కదిలించింది.

పాతకాపు: మెయిల్ దాకా వెళ్తే అప్రైజల్‌లో కనబడుతుందమ్మా. చట్టం ఏమైనా ఉందా దీనికి?

టీం లీడ్ అక్క: నేరుగా లేదు. 2013 చట్టం లైంగిక వేధింపులకే. ప్రైవేట్ ఆఫీసులో యాస వెక్కిరింపుకి కంపెనీ నియమావళే దిక్కు. అందుకే తేదీలతో రాసిపెట్టుకోమంటున్నా. మేనేజరే ముందు నవ్వే రకమైతే మాత్రం నా దగ్గరా జవాబు లేదు.

నల్లగొండ పిల్ల: మీరంతా పుణె, బెంగళూరు అంటున్నారు. నా ఆఫీసు హైదరాబాద్‌ల, టీం మొత్తం తెలుగోళ్లే. నేను ‘గిట్లెందుకైంది’ అంటే సినిమా కమెడియన్ లెక్క నా మాటే తిరిగి నాకు చెప్పేవాళ్లు. వాళ్లని ఏ భాష నేర్చుకొని ఆపాలె?

పాతకాపు: అది వేరే విషయం తల్లీ.

నల్లగొండ పిల్ల: వేరే ఎట్లైతది?

పార్వతీపురం అబ్బాయి: అక్కా, ఈ ఉదయం స్టాండప్‌లో మళ్లీ అన్నాడు. మీరు చెప్పిన ప్రశ్నే హిందీలో అడిగా, మళ్లీ ‘గయా’యే వచ్చింది నోటికి! అయినా ఎవరూ నవ్వలేదు, అతను తల దించుకుని ల్యాప్‌టాప్ చూసుకున్నాడు. టీం వాట్సాప్ గ్రూపులో మాత్రం నా పేరు ఇంకా యెర్రర్ అనే ఉంది. ఆ గ్రూప్ అడ్మిన్ మా మేనేజరే.