పిన్ను తీయగానే వ్యాకోచించిన వాయువు: ఎంట్రోపీ పెరిగింది 4.16 జౌల్/కెల్వినా, 5.76 జౌల్/కెల్వినా?

కర్నూలు విద్యార్థిని
300 కెల్విన్ దగ్గర ఉన్న నీటి తొట్టెలో ఒక సిలిండర్. అందులో ఒక మోల్ ఆదర్శ వాయువు, పీడనం 2 బార్. బయటి పీడనం 1 బార్, అది మారదు. పిస్టన్‌ను ఆపిన పిన్ను తీయగానే ఘనపరిమాణం రెండింతలై, చివరికి వాయువు మళ్లీ 300 కెల్విన్‌కు వస్తుంది. వాయువు ఎంట్రోపీ ఎంత పెరిగింది? నాకు 4.16 వచ్చింది, మా కోచింగ్ కీలో 5.76 ఉంది. ఏది సరి? తేడాగా మిగిలిన 1.6 ఎక్కడిది?

అనంతపురం ఇంజినీరింగ్
మీ జవాబే సరైనది. బయటి పీడనం స్థిరం కాబట్టి వాయువు చేసిన పని 1247 జౌళ్లు. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి అంతర్గత శక్తి మారలేదు, అంటే తొట్టె నుంచి తీసుకున్న వేడి కూడా 1247 జౌళ్లే. దాన్ని 300తో భాగిస్తే 4.16. కీలో ఉన్న 5.76 ఉత్క్రమణీయ మార్గానిది, అక్కడ వేడి 1729 జౌళ్లు. రెండు మార్గాల్లో వేడి వేరు, కాబట్టి ఎంట్రోపీ మార్పు కూడా వేరు. కీ తయారు చేసినవారు ప్రశ్న సరిగా చదవలేదు.

కడప మాస్టారు
తమ్ముడూ, వేడి లెక్క వరకు నువ్వు చెప్పింది సరే. చివరి మెట్టు మీద కాలు జారింది. 4.16 నిజమైన సంఖ్యే కానీ అది వాయువుది కాదు, తొట్టెది. తొట్టె ఎంతో పెద్దది, దాని ఉష్ణోగ్రత కదలదు. అది 1247 జౌళ్లు పోగొట్టుకుంది కాబట్టి దాని ఎంట్రోపీ 4.16 తగ్గింది. ఆ సంఖ్యనే తీసుకొచ్చి వాయువు ఖాతాలో రాశావు.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఇలా పరీక్షించు. పిన్ను తీసి వాయువును 1 బార్‌కు రానివ్వు. నీ లెక్క ప్రకారం దాని ఎంట్రోపీ 4.16 పెరిగింది. ఇప్పుడు పిస్టన్ మీద ఇసుక రేణువు రేణువుగా వేస్తూ, ఎక్కడా తొందరపడకుండా, దాన్ని మళ్లీ 2 బార్‌కు నొక్కు. ఈ తిరుగు ప్రయాణం ఉత్క్రమణీయం, కాబట్టి వాయువు ఎంట్రోపీ 5.76 తగ్గుతుందని నువ్వే ఒప్పుకుంటావు. అదే వాయువు, అదే 300 కెల్విన్, అదే 2 బార్. కానీ నీ ఖాతాలో ఎంట్రోపీ మొదటి కంటే 1.6 తక్కువ. పదిసార్లు తిప్పితే 16 తక్కువ. సిలిండర్‌లో మాత్రం ఏమీ మారలేదు. ఇది కుదిరే పనేనా?

అందుకే వాయువుకు ఎప్పుడూ రెండు కొసలే చూడాలి. మొదటి స్థితి నుంచి చివరి స్థితికి ఏదో ఒక ఉత్క్రమణీయ దారి ఊహించి దాని మీద లెక్క కట్టాలి. ఇక్కడ అది `R ln 2`, అంటే 5.76. వాయువు నిజంగా ఏ దారిన వెళ్లిందో అడగనక్కరలేదు. నిజానికి పిన్ను తీశాక ఆ కాస్సేపు సిలిండర్‌లో ఒకే పీడనం అనేదే ఉండదు. పిస్టన్ దగ్గర తక్కువ, అడుగున ఎక్కువ. గ్రాఫు మీద గీయడానికి అక్కడ దారే లేదు.

ఇక అమ్మాయి అడిగిన 1.6 సంగతి. వాయువుకు 5.76 వచ్చింది, తొట్టెకు 4.16 పోయింది. మిగిలిన 1.6 ఎవరి దగ్గర నుంచీ రాలేదు, కొత్తగా పుట్టింది. ఉత్క్రమణీయ మార్గంలో అయితే తొట్టె కూడా సరిగ్గా 5.76 పోగొట్టుకునేది, ఏమీ పుట్టేది కాదు. ఆ పుట్టిన దానికి మనం కట్టిన వెల ఎంతో కూడా చూడండి. ఉత్క్రమణీయంగా వస్తే 1729 జౌళ్ల పని దక్కేది, మనకు దక్కింది 1247. నష్టం 482 జౌళ్లు. 1.606ను 300తో గుణించి చూడండి, అదే సంఖ్య వస్తుంది. మే నెలలో మన కర్నూలు, కడపల్లో మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటుంది కదా, తొట్టెను, వాయువును 315 కెల్విన్ దగ్గర ఉంచి ఇదే ప్రయోగం చేస్తే పుట్టే ఎంట్రోపీ 1.606 గానే ఉంటుంది, చేజారిన పని మాత్రం 506 జౌళ్లు అవుతుంది.

తాడిపత్రి క్వారీ
నేను చదువుకున్నది పదో తరగతి, నాపరాళ్ల క్వారీలో కంప్రెసర్ చూసుకుంటాను. సాయంత్రం పని ఆపాక ట్యాంకు వాల్వు తెరిస్తే గాలి బుస్సుమని పోతుంది, వాల్వు చేయి పెట్టలేనంత చల్లబడుతుంది, దాని మీద నీటి బిందువులు పడతాయి. చల్లబడితే ఎంట్రోపీ తగ్గుతుందని మా అబ్బాయి పాఠంలో ఉంది. మరి వ్యాకోచిస్తే పెరుగుతుందని మీరంటున్నారు. మా ట్యాంకులో ఏది జరుగుతోంది?

అనంతపురం ఇంజినీరింగ్
అన్నా, అది త్వరగా జరిగిపోతుంది కాబట్టి వేడి లోపలికి రావడానికి సమయం ఉండదు. వేడి సున్నా అయితే ఎంట్రోపీ మార్పు కూడా సున్నా. మాస్టారు గారూ, మీ తర్కం నాకు అర్థమైంది, వాయువుకు 5.76 అని ఒప్పుకుంటున్నాను. అయితే అదే సిలిండర్‌కు థర్మోకోల్ చుట్టి పిన్ను తీస్తే వేడి ఏమీ రాదు కదా, అక్కడైనా సున్నాయే కదా?

అనంతపురం మేడమ్
నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, విడదీస్తాను.

ముందు థర్మోకోల్ చుట్టిన సిలిండర్. వేడి సున్నా అయినంత మాత్రాన ఎంట్రోపీ సున్నా కాదు, ఎందుకంటే పుట్టే ఎంట్రోపీకి వేడి అక్కరలేదు. లోపల ఆర్గాన్ ఉందనుకోండి. 300 కెల్విన్, 2 బార్ నుంచి 1 బార్ బయటి పీడనానికి ఎదురుగా ఒక్కసారిగా వ్యాకోచిస్తే, చేసిన పని అంతా అంతర్గత శక్తి నుంచే రావాలి. లెక్క కడితే చివరి ఉష్ణోగ్రత 240 కెల్విన్ వస్తుంది. ఇదే ఆర్గాన్‌ను నెమ్మదిగా, ఉత్క్రమణీయంగా 1 బార్‌కు తెస్తే 227 కెల్విన్‌కు చల్లబడుతుంది. అంటే ఒక్కసారిగా వదిలినది తక్కువ పని చేసింది, అందుకే తక్కువ చల్లబడింది. రెండింటి చివరి స్థితులూ వేరు. సమోష్ణోగ్రతా వ్యాకోచంలో రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి, ఇక్కడ రావు. మా విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, 240 కెల్విన్ రావాల్సిన లెక్కలో స్థిరోష్ణక సూత్రం పెట్టి 227 రాసేస్తారు.

ఇప్పుడు క్వారీ అన్నయ్య ప్రశ్నకు ఇందులోనే సగం జవాబుంది. చల్లబడటం వల్ల ఎంట్రోపీ కొంత తగ్గుతుంది, విస్తరించడం వల్ల కొంత పెరుగుతుంది. 240 కెల్విన్ ఆర్గాన్‌లో తగ్గింది 4.64, పెరిగింది 5.76, నికరంగా 1.12 మిగిలింది. ఉత్క్రమణీయంగా చేస్తే రెండూ సరిసమానమై సున్నా అవుతుంది.

కానీ అన్నయ్యా, మీ ట్యాంకులో పిస్టన్ లేదు. లోపల మిగిలిన గాలి తన ముందున్న గాలిని బయటికి నెడుతూ చల్లబడుతోంది. ఆ లోపలి గాలికి మాత్రం అది దాదాపు ఉత్క్రమణీయమే, కిలోకు ఇంత అని చూస్తే దాని ఎంట్రోపీ పెద్దగా మారదు. ఎంట్రోపీ పుట్టేది వాల్వు దగ్గర, ఆ తర్వాత, మీకు బుస్సుమని వినబడే చోట.

తాడిపత్రి క్వారీ
అంటే చప్పుడు ఉన్నచోటే నష్టం. ఇది మాకు తెలిసినదే. గొట్టం ఎక్కడ కారినా ముందు చెవితోనే పట్టుకుంటాం.

కర్నూలు విద్యార్థిని
అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని ఇంకో లెక్క చేశాను. ఒకేసారి 1 బార్‌కు వదలకుండా, ముందు 1.41 బార్‌కు, అది నిలకడగా ఆగాక 1 బార్‌కు, ఇలా రెండు మెట్లలో వదిలాను. పుట్టిన ఎంట్రోపీ 1.61 నుంచి 0.89కి తగ్గింది. నాలుగు మెట్లు చేస్తే 0.47. మెట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ దాదాపు సగమవుతోంది. వాయువుకు మాత్రం ఎప్పుడూ 5.76 మాత్రమే వస్తోంది. నా పాత జవాబు ఎందుకు తప్పో ఇది చూశాకే నాకు నిజంగా తెలిసింది.

కానీ ఒక సందేహం పోలేదు. ఆ 1.6 పుట్టింది సరే, ఎక్కడ పుట్టింది? వాయువు లోపలా, పిస్టన్ దగ్గరా?

కడప మాస్టారు
వాయువు లోపలే అమ్మా. పిస్టన్ ఒక్కసారిగా కదిలితే లోపల సుడులు లేస్తాయి, వాయువు పొరలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ కదలిక అంతా స్నిగ్ధత వల్ల వేడిగా మారుతుంది. ఆ 482 జౌళ్లు పోయింది అందులోకే.

అనంతపురం మేడమ్
మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే అడ్డు చెబుతున్నాను. అది పిస్టన్ తేలికైనదైతే నిజం. సిలిండర్‌ను అడ్డంగా పడుకోబెట్టి, చాలా బరువైన పిస్టన్ పెట్టండి, బయట ఉన్నది వాతావరణం మాత్రమే. పిస్టన్ బరువు వల్ల చాలా నెమ్మదిగా కదులుతుంది. వాయువులో సుడులు ఉండవు, అది దాదాపు ఉత్క్రమణీయంగా 1729 జౌళ్ల వేడి తీసుకుని అంత పనీ చేస్తుంది. అందులో 1247 వాతావరణాన్ని నెట్టడానికి పోయింది. మిగిలిన 482 ఎక్కడుంది? 1 బార్ దగ్గరికి వచ్చిన క్షణంలో పిస్టన్ గతిజ శక్తిగా ఉంది. సరిగ్గా అక్కడ బ్రేకు వేసి ఆపితే ఆ 482 జౌళ్లు బ్రేకు ప్యాడ్లలో వేడై తొట్టెలోకి చేరతాయి. పుట్టిన ఎంట్రోపీ అదే 1.606. కానీ పుట్టింది బ్రేకులో, వాయువులో కాదు. తొట్టె నికరంగా పోగొట్టుకున్నది మళ్లీ 1247 జౌళ్లే, కాబట్టి తొట్టెను చూసి ఈ రెండు సందర్భాలను వేరుచేయలేం.

అనంతపురం ఇంజినీరింగ్
అలాగైతే వాయువు తీసుకున్న వేడి 1247 అని నేను మొదట చెప్పినది కూడా ప్రతిసారీ నిజం కాదా?

అనంతపురం మేడమ్
కాదు. తేలిక పిస్టన్‌కు 1247, బరువు పిస్టన్‌కు బ్రేకు వేస్తే 1729.

కడప మాస్టారు
మేడమ్, మీ ఉదాహరణ మంచిది, నేను వాయువు లోపలే అన్నమాట తొందరలో అన్నదే. అయినా ఒక మాట ఒప్పుకోలేను. బ్రేకు పిస్టన్‌ను ఆపుతున్నప్పుడు అది కూడా వాయువుకు ఎదురు బలమే. అప్పుడు ప్రశ్నలోని 'స్థిర బయటి పీడనం 1 బార్' అనే షరతు చెడిపోయినట్టే. నా లెక్కలో ఆ షరతు ఉన్న ప్రశ్నలో బ్రేకు ఉండకూడదు.

అనంతపురం మేడమ్
బ్రేకు లేకపోతే ఆ పిస్టన్ 1 బార్ దాటి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఏదో ఒకటి ఆపాలి కదా. వాయువు స్నిగ్ధత ఆపితే ఒక లెక్క, గోడ ఒరిపిడి ఆపితే ఇంకో లెక్క. ప్రశ్న ఇచ్చినవారు అది చెప్పరు. 'బయటి పీడనం' అన్నప్పుడు గీత పిస్టన్‌కు లోపల గీస్తున్నారా, బయట గీస్తున్నారా అన్నదీ చెప్పరు.

కడప మాస్టారు
నేను బయట గీస్తాను.

అనంతపురం మేడమ్
నేను లోపల గీస్తాను. వచ్చే వారం మా ల్యాబులో గాజు సిరంజి ఉంది, దానికి బరువులు కట్టి ఊగడం ఎన్నిసార్లలో ఆగుతుందో చూస్తాను. అందులో గోడ ఒరిపిడి వాటా ఎంతో విడదీయడం కష్టం, ఎలా చేయాలో ఎవరైనా చెప్పగలిగితే రాయండి.