అమెరికా బోర్డ్ సర్టిఫికేషన్ ఉన్నా స్క్రీనింగ్ టెస్ట్ రాయాలట, ఇదెక్కడి రూలు?

రెసిడెంట్‌బాబు
పొద్దున్నుంచి మెడికల్ కౌన్సిల్ పోర్టల్ ముందే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, అదే అక్కడి పీజీ ట్రైనింగ్, చేశాను. బోర్డ్ సర్టిఫైడ్. లైసెన్స్ ఇప్పటికీ చెల్లుబాటులోనే ఉంది. చాలా ఏళ్లు ఆసుపత్రిలో చేరిన పేషెంట్లని చూసే హాస్పిటలిస్ట్‌గా పనిచేసి కుటుంబంతో సహా వచ్చేశాం. ఇక్కడ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి పెట్టుకుంటే ఫైలు వెనక్కి పంపారు, విదేశీ డిగ్రీ వాళ్లకి పెట్టే స్క్రీనింగ్ టెస్ట్ పాసైన సర్టిఫికెట్ జతచేయమని. అమెరికా పీజీ ఇండియాలో చెల్లుతుందని 2008 గెజిట్‌లోనే ఉంది కదా! ఆ ప్రింటవుట్ కౌంటర్‌లో పెడితే కనీసం తిప్పి చూడలేదు. ఐసీయూలు నడిపినవాణ్ణి కూర్చోబెట్టి అనాటమీ పరీక్ష రాయమంటే ఏమనాలి? ఎవరికైనా ఇలా జరిగిందా? ఎవరికి అప్పీల్ చేయాలి?

చట్టం చదివినోడు
డాక్టర్ గారూ, ముందు మీ పాస్‌పోర్టు సంగతి చెప్పండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా? తీసుకుని ఉంటే ఓసీఐ కార్డు ఉందా? చాలామంది ఓసీఐ ఉంటే ఇండియన్‌తో అన్నింటా సమానం అనుకుంటారు, అది తప్పు. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డాక్టర్లు, డెంటిస్టులు, నర్సులు, ఫార్మసిస్టులు, లాయర్లు, ఆర్కిటెక్టులు, సీఏలు అయిన ఓసీఐలు ఎన్‌ఆర్‌ఐలతో సమానంగా వృత్తి చేసుకోవచ్చు. కానీ ఆ వృత్తికి సంబంధించిన చట్టం ఏం చెబుతుందో దానికి లోబడే. అంటే కార్డు మీకు గుమ్మం దాకా దారి ఇస్తుంది, తలుపు తీయాల్సింది కౌన్సిలే. అదే నోటిఫికేషన్‌లో వ్యవసాయ భూములు కొనకూడదని కూడా ఉంది, వచ్చేసినవాళ్లు అదీ చూసుకోవాలి. దాని మీద నేను వేరేగా పెద్ద పోస్టు రాశాను, కావాలంటే...

మూడోషిఫ్ట్
భూముల సంగతి ఆయన అడగలేదు.
రెసిడెంట్‌బాబు గారూ, ఎంబీబీఎస్ ఎక్కడ చేశారు?

లండన్‌రిటర్న్
బాబు గారూ, మీ ఆవేశం అర్థమైంది. మీ మాటే కరెక్ట్. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఈ అయిదు దేశాల పీజీ ఉంటే స్క్రీనింగ్ టెస్ట్ అక్కర్లేదు. నేను యూకే నుంచి వచ్చాను, నన్నెవరూ పరీక్ష రాయమనలేదు. అడిషనల్ క్వాలిఫికేషన్ కింద ఎక్కించుకున్నారు. కౌంటర్‌లో వాళ్లకి రూలు తెలియదంతే. రాతపూర్వకంగా నిలదీయండి.

మూడోషిఫ్ట్
లండన్‌రిటర్న్ గారూ, మీ ఎంబీబీఎస్ ఇక్కడిదేనా?

లండన్‌రిటర్న్
అవును, ఇక్కడి గవర్నమెంట్ కాలేజీయే. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

మూడోషిఫ్ట్
సంబంధమంతా అక్కడే ఉంది. ఆయన్ని చెప్పనివ్వండి.

రెసిడెంట్‌బాబు
ఎంబీబీఎస్ అని కాదండి, నాది ఎండీ. ఫిలిప్పీన్స్‌లో. 2005లో చేరాను. అది అయ్యాక యూఎస్‌ఎంఎల్ఈ రాసి అమెరికా వెళ్లిపోయాను, ఇండియాలో ప్రాక్టీస్ చేసే ఉద్దేశమే లేదు అప్పట్లో. ఇదంతా పాత కథ కదా, అందుకే రాయలేదు. ఇప్పుడు లెక్కలోకి రావాల్సింది అమెరికా బోర్డే కదా?

మేడమీద గది
ఎండీ ఉంటే ఇంకేం సార్, ఎండీ అంటే పీజీయే! మా తమ్ముడు ఇక్కడ ఎండీ సీటు కోసం నానా పాట్లు పడుతున్నాడు. మీకు రెండు ఎండీలున్నట్టు.

మూడోషిఫ్ట్
కాదు. ఫిలిప్పీన్స్ ఎండీ మొదటి వైద్య డిగ్రీ. మన ఎంబీబీఎస్ ఎంతో అదీ అంతే. అమెరికా రెసిడెన్సీ అయినవాళ్లు పేరు వెనక పెట్టుకునే ఎండీ కూడా మన ఎండీ కాదు, అక్కడ మెడికల్ స్కూల్ డిగ్రీ పేరే అది. బాబు గారూ, అప్లికేషన్‌లో పీజీ గడిలో ఏం రాశారు?

రెసిడెంట్‌బాబు
"ఎండీ, ఇంటర్నల్ మెడిసిన్, యూఎస్‌ఏ" అని. యూనివర్సిటీ ఇచ్చిన ఎండీ పట్టా జతచేయలేదని కూడా ఆ లెటర్‌లో ఒక లైను ఉంది. యూనివర్సిటీ పట్టా అనేది అక్కడ ఉండదు కదా అని పట్టించుకోలేదు.

మూడోషిఫ్ట్
డ్యూటీ దిగాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తాను. నేను ఈ కాగితాల చుట్టూ తిరిగినదాన్నే, నాది చైనా డిగ్రీ.

మీ కేసులో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. మొదటిది, అసలు డాక్టర్‌గా రిజిస్టర్ కావడం. రెండోది, ఆ రిజిస్ట్రేషన్ మీద పీజీని ఎక్కించుకోవడం. మీరు చూపిస్తున్న 2008 గెజిట్ రెండోదానికి సంబంధించింది. ఆ అయిదు దేశాల్లో వచ్చిన పీజీ, ఆ దేశంలో ఆ స్పెషాలిటీలో డాక్టర్‌గా నమోదు కావడానికి పనికొస్తే, ఇక్కడా గుర్తిస్తామని దాని సారాంశం. మీకు మొదటి రిజిస్ట్రేషనే లేదు కాబట్టి దాన్ని ఎక్కించడానికి ఇక్కడ పేజీ లేదు. లండన్‌రిటర్న్ గారికి ఇక్కడి ఎంబీబీఎస్‌తో ఆ పేజీ ముందే ఉంది, అందుకే ఆయన్ని ఎవరూ పరీక్ష అడగలేదు.

స్క్రీనింగ్ టెస్ట్ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది రావాలంటే మొదటి డిగ్రీ, పీజీ రెండూ ఆ అయిదు దేశాల్లోవే అయి ఉండాలి. మీ పీజీ అమెరికా, మొదటి డిగ్రీ ఫిలిప్పీన్స్. 2002 మార్చి 15 తర్వాత బయట డిగ్రీ తీసుకున్న ఇండియన్లందరికీ ఆ పరీక్ష వర్తిస్తుంది. అప్పీల్‌కి వెళ్లినా ఇదే చెబుతారు, లాయర్ ఫీజు దండగ.

లండన్‌రిటర్న్
సరే ఒప్పుకుంటా. కానీ ఫిలిప్పీన్స్ అంటే ఇంకో చిక్కుంది. అక్కడ మన పిల్లలకి లైసెన్స్ పరీక్ష రాయనివ్వరు. ఆ దేశంలో లైసెన్స్ లేకపోతే ఇక్కడ స్క్రీనింగ్ టెస్ట్‌కే అర్హత లేదని అంటున్నారు. ఆయన పరీక్ష కూడా రాయలేడేమో!

మూడోషిఫ్ట్
ఆయన్ని ఊరికే భయపెట్టకండి. అది 2021 నవంబర్ 18న వచ్చిన కొత్త నిబంధనల గొడవ. 54 నెలల కోర్సు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో లైసెన్స్‌కి అర్హత, ఇవన్నీ ఆ తర్వాత చేరినవాళ్లకి. ఈయన 2005 మనిషి. పాత రూలు డిగ్రీ గురించి అడుగుతుంది: ఆ దేశంలో డాక్టర్‌గా నమోదు కావడానికి ఆ డిగ్రీ గుర్తింపు పొందినదేనా అని. ఈ మాట ఇండియన్ ఎంబసీ ధ్రువీకరించాలి.

బాబు గారూ, మీరు అసలు వెతకాల్సిన కాగితం వేరే ఉంది. ఎలిజిబిలిటీ సర్టిఫికెట్. 2002 తర్వాత బయటి కాలేజీలో చేరేవాళ్లు అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర తీసుకోవాల్సింది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మార్కులు చూసి ఇచ్చేవారు. వెనక్కి రామనుకున్నవాళ్లు చాలామంది దాన్ని వదిలేశారు. అది ఉందా?

రెసిడెంట్‌బాబు
అప్పట్లో కన్సల్టెన్సీ వాళ్లు ఏదో తీయించినట్టు నాన్న అంటున్నారు. వెతకాలి. అయినా ఇన్నేళ్ల తర్వాత ఆ పరీక్ష నా వల్ల అవుతుందా? అందులో ఏముంటుంది?

మూడోషిఫ్ట్
ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సెషన్లు. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. మీరు రోజూ చేసే జనరల్ మెడిసిన్‌కి 33 ప్రశ్నలే. దాన్ని నమ్ముకుని వెళ్లిన సీనియర్లు తప్పడం నేను చూశాను. కమ్యూనిటీ మెడిసిన్‌కి దాదాపు అంతే, 30. అక్కడే అమెరికా నుంచి వచ్చినవాళ్లు దొరికిపోతారు. ఏ నెలలో ఏ టీకా, ఏ ఆరోగ్య కార్యకర్త ఎంత జనాభాకి, టీబీ ప్రోగ్రామ్‌లో బరువును బట్టి ఎన్ని మాత్రలు, ఇవన్నీ ఇక్కడి లెక్కలే. గైనకాలజీ ఇంకో 30, మీరు రెసిడెన్సీలోనే వదిలేసి ఉంటారు. ముందు వీటి మీద కూర్చోండి. అనాటమీ 17 మార్కులది, దాని గురించి ఏడవకండి.

చట్టం చదివినోడు
ఒక హెచ్చరిక. పరీక్ష అయ్యేదాకా తెలిసినవాళ్ల క్లినిక్‌లో ఊరికే కూర్చుంటానని అనుకోకండి. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేని ప్రాక్టీస్‌కి ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

మేడమీద గది
మరి ఇక్కడ కూర్చుని అమెరికా పేషెంట్లకి వీడియోలో చూడొచ్చుగా? వాళ్ల లైసెన్స్ ఉందిగా!

చట్టం చదివినోడు
అది పెద్ద చర్చ. మీరు ఏ దేశం నేల మీద కూర్చుని వైద్యం చేస్తున్నారన్నది ఒకటి, పేషెంట్ ఎక్కడున్నాడన్నది ఇంకొకటి...

మూడోషిఫ్ట్
ఇంకో థ్రెడ్ తెరిచి మాట్లాడుకోండి.

బాబు గారూ, చివరిగా పీజీ సంగతి. పరీక్ష పాసై, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ వచ్చాక వేరే అప్లికేషన్ పెట్టాలి. అప్పుడు పీజీ గడిలో ఎండీ అని రాయొద్దు. మళ్లీ యూనివర్సిటీ పట్టా అడుగుతారు, మీ దగ్గర అది ఉండదు. రెసిడెన్సీ పూర్తిచేసినట్టు హాస్పిటల్ ఇచ్చిన సర్టిఫికెట్, బోర్డ్ సర్టిఫికెట్, స్టేట్ లైసెన్స్, ఈ పేర్లే ఉన్నదున్నట్టు రాయండి. ప్రోగ్రామ్ డైరెక్టర్‌తో మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉండేలా లెటర్ తెప్పించుకోండి. ఇవి ప్రైవేటు సంస్థల కాగితాలు కాబట్టి అక్కడ నోటరీ చేయించి, ఆ నోటరీ ఏ స్టేట్‌వాడో ఆ స్టేట్ దగ్గరే అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ, వేయించాలి. వేరే స్టేట్‌కి పంపితే వెనక్కొస్తుంది. మీ పాత కొలీగ్ ఎవరైనా అక్కడ ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి.

లండన్‌రిటర్న్
ఇంటర్న్‌షిప్ సంగతి? పరీక్ష పాసైనా ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయమంటారని విన్నాను. రెసిడెన్సీ చేసినవాడికి కూడానా?

మూడోషిఫ్ట్
ఫిలిప్పీన్స్‌లో ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు కాగితం ఉంటే పాత బ్యాచ్‌ల వాళ్లని వదిలేసిన సందర్భాలు తెలుసు, వదలని సందర్భాలూ తెలుసు. రెసిడెన్సీని దాని బదులు లెక్కేసిన కేసు మాత్రం నేను చూడలేదు.

రెసిడెంట్‌బాబు
ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ దొరికింది, కానీ దాంట్లో నాన్న పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో కలవడం లేదు. అదొకటి. ఇంటర్న్‌షిప్ గురించి కౌన్సిల్‌కి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. వచ్చే సెషన్‌కి ఫీజు కడుతున్నా. థాంక్స్ అండీ అందరికీ.

కాగితాలకట్ట
ఇప్పుడే చూశాను ఈ చర్చ. మా ఆవిడ డెంటిస్టు, బీడీఎస్ ఇక్కడిదే, అమెరికాలో మళ్లీ డీడీఎస్ చేసింది. ఆవిడకీ ఇదే రూలా? డెంటల్ కౌన్సిల్ వేరు కదా? ఎవరైనా చెప్పగలరా?