స్నేహితుడి లోన్‌కు హామీ సంతకం చేశాను: బయటపడే దారి ఏది?

ఖమ్మం మాస్టారు:
నా చిన్ననాటి స్నేహితుడు ఫ్లెక్సీ ప్రింటింగ్ యంత్రం కొనుక్కోవడానికి ఒక బ్యాంకులో 8 లక్షల రూపాయల లోన్ తీసుకున్నప్పుడు నేను హామీదారుగా సంతకం చేశాను. 11.5 శాతం వడ్డీతో 60 నెలల గడువు, నెలకు దాదాపు 17,600 వాయిదా. ఇప్పటికి 26 వాయిదాలు కట్టగా, ఇంకా సుమారు 5.08 లక్షలు మిగిలి ఉంది. మొన్న నేను ఇంటి లోన్ కోసం వేరే బ్యాంకుకు వెళితే, అక్కడి అధికారి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి చూపించారు. ఆ లోన్ నా క్రెడిట్ రిపోర్టులో "Guarantor" అన్న హోదాతో కనిపించింది, రెండు నెలల గడుల్లో 34, 41 అన్న అంకెలు ఉన్నాయి. అవి వాయిదా ఆలస్యమైన రోజులట. ఆలస్యంగానైనా వాడు కట్టేశాడు కదా, ఆ మచ్చ నాకెందుకు అంటుకుంది? ఈ హామీ నుంచి తప్పుకోవడానికి వీలుందా?

బందరు షాపు:
చాలా సులభమండీ. ఇకపై నాకు బాధ్యత లేదని బ్యాంకుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. మా బావమరిది ఓవర్‌డ్రాఫ్ట్‌కు నేనిచ్చిన హామీని అలాగే వెనక్కి తీసుకున్నాను.

రిటైర్డ్ మేనేజర్:
షాపు గారు చెప్పింది వారి విషయంలో నిజమే, మాస్టారి విషయంలో పనికిరాదు. ఓవర్‌డ్రాఫ్ట్‌లో డబ్బు తీస్తూ, వేస్తూ ఉంటారు కనుక అది కొనసాగే హామీ. కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చి ఇకముందు తీసే మొత్తాల వరకు ఆపవచ్చు, అప్పటికే తీసినదానికి మాత్రం బాధ్యత ఉంటుంది. మాస్టారు, మీ స్నేహితుడి లోన్ సొమ్మంతా ఒకేసారి చేతికొచ్చింది కాబట్టి ఉపసంహరించుకోవడానికి ముందు ముందు జరిగే లావాదేవీ అంటూ ఏమీ మిగల్లేదు.

ఇక మచ్చ సంగతి. 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప, మీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతని మీద దావా వేసి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం బ్యాంకుకు లేదు. 1969లో దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అందుకే అతని ఆలస్యం మీ రిపోర్టులోనూ పడుతుంది. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, అప్పుడు మీ ఇంటి లోన్ ఆశ వదులుకోవలసిందే.

నల్గొండ చిట్టి:
నేను చిట్టి పాడినప్పుడు ముగ్గురు ఉద్యోగులతో షూరిటీ పెట్టించాను, వాళ్ల జీతం సర్టిఫికెట్లు ఇంకా కంపెనీ దగ్గరే ఉన్నాయి. చిట్టి ముగిసింది. అవి తిరిగి అడగవచ్చా?

ఖమ్మం మాస్టారు:
తమ్ముడూ, నాది బ్యాంకు లోన్ సంగతి, మీది వేరుగా అడగండి. మేనేజర్ గారూ, మరి నాకు దారేమిటి?

రిటైర్డ్ మేనేజర్:
బ్యాంకు ఒప్పుకుంటేనే దారి. మీ స్నేహితుడు, మీరు కలిసి రాతపూర్వకంగా అడగాలి, మీ బదులు ఆదాయం చూపగల మరో హామీదారునో, అదనపు తాకట్టునో చూపాలి. శాఖ దానిని మంజూరు చేసి, కొత్తవారితో హామీ పత్రం రాయించుకున్న తర్వాత, మిమ్మల్ని విడుదల చేసినట్టు లేఖ అడిగి తీసుకోండి. లేఖ చేతికొచ్చాక కూడా ఒకటి రెండు నెలలు ఆగి మళ్లీ రిపోర్టు తీయండి, ఎందుకంటే క్రెడిట్ సంస్థకు సమాచారం పంపడం మరచిపోయే శాఖలను నేనే చూశాను. అయితే విడుదలతో పాత 34, 41 అంకెలు చెరిగిపోతాయని అనుకోకండి, అవి నిజంగా జరిగిన ఆలస్యాలు.

వైజాగ్ అకౌంటెంట్:
నా అనుభవం వేరు. నాకు చెప్పకుండానే మిత్రుడి లోన్ గడువును బ్యాంకు పెంచింది. షరతులు మారితే హామీదారుకు విముక్తి అని 133వ సెక్షన్ చూపించాను. వాళ్లు నా హామీ పత్రంలోని ఒక పేరా చూపించారు: గడువు పెంచినా, షరతులు మార్చినా నా హామీ కొనసాగుతుందని నేనే ముందుగా ఒప్పుకున్నట్టు అందులో ఉంది. కేసు ఇంకా నడుస్తోంది.

రిటైర్డ్ మేనేజర్:
ఆ పేరా దాదాపు ప్రతి బ్యాంకు పత్రంలోనూ ఉంటుంది, అది ఎంతవరకు నిలుస్తుందో మాటల కూర్పును బట్టి కోర్టు చెప్పాలి. మాస్టారు, మీ పత్రం నకలు మీ దగ్గర ఉందా? ఆ యంత్రం హైపోథికేషన్‌లో, అంటే స్నేహితుడి దగ్గరే ఉంటూ బ్యాంకుకు తాకట్టుగా, ఉందా? రేపు మీరే కట్టవలసి వస్తే, కట్టిన సొమ్ము స్నేహితుడి నుంచి రాబట్టుకోవచ్చు, ఆ యంత్రంపై బ్యాంకుకున్న హక్కు కూడా మీకు దక్కుతుంది.

ఖమ్మం మాస్టారు:
నకలు తీసుకోలేదండీ, సంతకం చేసిన రోజు అడగాలనే తోచలేదు. ఈ రోజు శాఖకు వెళ్లి దరఖాస్తు ఇచ్చాను. యంత్రం హైపోథికేషన్‌లోనే ఉందట. వాడి తమ్ముడు పంచాయతీరాజ్ శాఖలో ఉద్యోగి, నా బదులు సంతకం చేస్తానన్నాడు గానీ, వదినను అడిగి చెబుతానని రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.