ఫోన్‌కి వచ్చిన మొసలి ఫోటో: నమ్మేముందు ఏం అడగాలి?

సునీత, వేళచ్చేరి: మేం చెన్నైలో ఉంటాం. మా చుట్టాల గ్రూపులో అమ్మకి ఒక ఫోటో వచ్చింది. రాత్రి, వాన, రోడ్డు మీద మొసలి. కింద "ఇప్పుడే, వేళచ్చేరి" అని రాసుంది. అప్పట్నుంచీ మమ్మల్ని గడప దాటొద్దంటోంది. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ కొత్త. ఇలాంటివి వస్తే ఏమేం అడగాలో ఓ ఐదు ప్రశ్నలు చెప్పండి, కాగితం మీద రాసిస్తాను.

రమేష్: గ్యాలరీలో ఫోటో వివరాలు తెరిచి తేదీ చూడమనండి. ఇవాళ్టి తేదీ ఉంటే ఇవాళ తీసిందే.

ప్రసాద్, తాంబరం: రమేష్ గారూ, వివరాలు చూడటం మంచిదే కానీ వాట్సాప్ ఫోటోల విషయంలో ఆ తేదీ మోసం చేస్తుంది. మామూలుగా పంపిన ఫోటోలో తీసిన తేదీ, చోటు ఊడిపోతాయి. గ్యాలరీ చూపించేది ఫోన్‌లోకి దిగిన రోజు.

సునీత గారూ, మొదటి ప్రశ్న: తీసిందెవరు? పంపినవాళ్లు కాదు, తీసినవాళ్లు. పైన రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వార్డ్ అయింది" అని ఉంటే, అది ఐదు చేతులైనా మారి వచ్చిందన్నమాట. రెండోది, ఎప్పటిది? స్క్రీన్‌షాట్ తీసి, రాసిన మాటలు లేకుండా మొసలి, రోడ్డు మాత్రమే ఉండేలా కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. బహుశా 2023 డిసెంబర్ దొరుకుతుంది. మిచాంగ్ తుఫానప్పుడు పెరుంగళత్తూరు దగ్గర నిజంగానే మొసలి రోడ్డు దాటింది, ఆ వీడియో ఊరంతా తిరిగింది.

కిరణ్: మొసలేంటండీ, ఫేక్ అనుకున్నా! అమెరికాలో 2017 వరదలప్పుడు రోడ్డు మీద సొరచేప ఫోటో తిరిగింది కదా, అది అతికించిందే.

ప్రసాద్, తాంబరం: అందుకే మూడో ప్రశ్న ముఖ్యం: ఎక్కడిది? బొమ్మ నిజమై, కింద రాసిన ఊరు అబద్ధం కావచ్చు. దుకాణం బోర్డు, బస్సు నంబరు, బండి ప్లేటు చూడమనండి. నాలుగోది, ఇంకో కెమెరాకి చిక్కిందా? వేళచ్చేరిలో మొసలి కనబడితే ఒక్క ఫోటోతో ఆగదు. ఐదోది, ఇది నన్నేం చేయమంటోంది? "వెంటనే అందరికీ పంపండి" అంటే అక్కడే ఆగాలి.

లక్ష్మి: నా ఫోన్ ఈ ఫోటోలతోనే నిండిపోతోంది. దానంతటదే దిగకుండా ఆపేదెలా?

ప్రసాద్, తాంబరం: వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాకి వెళ్లి, మీడియా ఆటో డౌన్‌లోడ్ దగ్గర టిక్కులు తీసేయండమ్మా.

కిరణ్: ఏఐతో చేసిన బొమ్మైతే? లెన్స్‌లో ఏమీ దొరకదుగా.

ప్రసాద్, తాంబరం: దొరకకపోతే కొత్తదనీ కాదు, నిజమనీ కాదు. ఏఐ బొమ్మల్ని మనుషుల చేతివేళ్లు లెక్కపెట్టి పట్టుకునే రోజులు పోయాయి, ఇప్పుడు వేళ్లు సరిగ్గానే వస్తున్నాయి. నాకైతే నాలుగో ప్రశ్నే దిక్కు.

సునీత, వేళచ్చేరి: వెతికాను, 2023దే! కానీ అమ్మ అడుగుతోంది: "నువ్వు తేల్చుకునేలోపు నిజంగా వస్తే?" ఏం చెప్పాలో తెలియలేదు.

రమేష్: గ్రూపులో పెట్టేబదులు చెన్నై కార్పొరేషన్ 1913కి ఫోన్ చేసి అడగమనండి. వానల్లో లైను దొరుకుతుందో లేదో మాత్రం చెప్పలేను.