ఆటలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు: ఫాంటు పెట్టవలసింది ఎవరు?

హొరమావు_శ్రీను (ప్రశ్న)
మా పాప ఇక్కడ బెంగళూరు బడిలో కన్నడం చదువుతోంది. తెలుగు ఇంట్లోనే నేర్పుతున్నాము. తెలుగు కూడా ఉందంటే ఒక పజిల్ ఆట కొన్నాను. భాష తెలుగుకు మార్చగానే మెనూ అంతా ఖాళీ డబ్బాలు. అంకెలు, ఇంగ్లీషు, కన్నడం బాగానే కనిపిస్తున్నాయి. ఆట చేసినవారికి రాస్తే మీ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు ఉందో లేదో చూసుకోమన్నారు. లోపం నాదా, వారిదా?

గౌతమి_అభిమాని
వారు చెప్పింది నిజమే. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మనంతట మనం చేర్చుకుంటేనే వస్తాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు ఫాంట్లు చేర్చుకోండి. నేను ఎన్నో కంప్యూటర్లు ఇలాగే బాగుచేశాను.

వత్తు_పొల్లు
శ్రీను గారూ, ముందు ఒక్కటి చూడండి. అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగులో ఒక వాక్యం అతికించండి. కనిపిస్తే మీ వైపు లోపం లేనట్టే. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ అనే ఫాంటు వ్యవస్థతోనే వస్తోంది, అందులో తెలుగు ఉంది.

హొరమావు_శ్రీను
నోట్‌ప్యాడ్‌లో చక్కగా వస్తోందండి.

గౌతమి_అభిమాని
అయినా గౌతమి పెట్టి చూడడంలో నష్టమేమిటి?

వత్తు_పొల్లు
నష్టం లేదు, లాభమూ లేదు. అక్షరాలు గీసే పనిని విండోస్‌కు అప్పగించే పాత ప్రోగ్రాములకు మీ సలహా పనిచేస్తుంది. ఇప్పటి ఆటల్లో చాలావరకు ఆ పని ఇంజన్ సొంతంగా చేసుకుంటుంది. ఆటతోపాటు వచ్చిన ఫాంటులోంచి అక్షరాల బొమ్మలను ముందే ఒక పెద్ద పలకలాంటి చిత్రంలో పేర్చి పెట్టుకుంటుంది. అట్లాస్ అంటారు. అందులో లేని అక్షరం వస్తే డబ్బా గీస్తుంది. మీ విండోస్‌లో వంద తెలుగు ఫాంట్లున్నా అది అటు తొంగి చూడకపోవచ్చు.

ఎస్పీరోడ్_పాతసరుకు
నాకూ ఇదే బాధ. ఎస్పీ రోడ్డులో పాత జపాను ఆట డిస్కు కొన్నాను. మెనూలో ఇలాంటివి వస్తున్నాయి:

```
ƒQ[ƒ€
```

రీజియన్ సెట్టింగులలో సిస్టమ్ లొకేల్‌ను జపనీస్‌కు మార్చి రీస్టార్ట్ చేస్తే బాగుపడుతుందని విన్నాను. శ్రీను గారు దానిని తెలుగుకు మార్చి చూడాలి.

వత్తు_పొల్లు
మీది వేరే జబ్బు. మీ ఆటలో రాత షిఫ్ట్-జిస్ అనే పాత జపనీస్ పద్ధతిలో ఉంది, విండోస్ దానిని పడమటి ఐరోపా పట్టికతో చదువుతోంది. లొకేల్ మార్చడమే మీకు మందు. అక్కడే యూటీఎఫ్-8 బీటా అనే గడిలో టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే మార్చినా ఫలితం ఉండదు. తెలుగుకు ఆ జబ్బు చేస్తే డబ్బాలు రావు. à°, à± అనే జంటలు వరసగా వస్తాయి, ఎందుకంటే యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు, మొదటి రెండూ దాదాపు ఎప్పుడూ అవే. డబ్బా వచ్చిందంటే రాత సరిగ్గానే చేరింది, గీయడానికి బొమ్మ లేదని అర్థం.

ఎస్పీరోడ్_పాతసరుకు
లొకేల్ మార్చాక వచ్చింది! కానీ శ్రీను గారు కూడా ఒకసారి లొకేల్ మార్చి చూస్తే పోయేదేముంది?

జయనగర_వాసి
కన్నడం వచ్చి తెలుగు రాకపోవడమేమిటి? రెండూ పక్కపక్క లిపులే కదా.

వత్తు_పొల్లు
పక్కపక్కనే ఉన్నాయి కానీ ఒకే చోట లేవు. యూనికోడ్‌లో కన్నడం 0C80 నుంచి, తెలుగు 0C00 నుంచి మొదలవుతాయి. అట్లాస్ చేసేటప్పుడు కన్నడ వరస మాత్రమే ఇచ్చి ఉంటారు. ఇలా ఇవ్వాలి:

```
0C00-0C7F,200C
```

చివరిది కంటికి కనిపించని గుర్తు. ‘సౌండ్‌ట్రాక్’ లాంటి మాటల్లో డ, ట కలిసిపోకుండా ఆపుతుంది. దానిని మరచిపోతే కొన్ని ఇంజన్లలో ఆ మాట మధ్య ఒక్క డబ్బా మిగులుతుంది.

ఆట_తయారీ
ఈ ఆట మా చిన్న బృందం చేసిందే. పై సూచన చూశాము. అట్లాస్‌లో కన్నడం ఒక్కటే ఉంది. తెలుగుకు నోటో సాన్స్ చేర్చి కొత్త కూర్పు పెట్టాము. నిర్మల యూఐని ఆటతో పంచడానికి లైసెన్సు ఒప్పుకోదు, నోటోకు ఆ చిక్కు లేదు.

హొరమావు_శ్రీను
డబ్బాలు పోయాయండి, సంతోషం. కానీ ‘ప్రారంభించు’ అన్న చోట ప పక్కన పొల్లు, ఆ పక్కన మామూలు ర, దాని పక్కన దీర్ఘం విడివిడిగా ఉన్నాయి. పాప కూడబలుక్కుని చదివి, ఇదేమి మాట నాన్నా అని అడిగింది.

గౌతమి_అభిమాని
చూశారా, ఫాంటు మంచిది కాదు. గౌతమి పెడితే వత్తులు వస్తాయి.

వత్తు_పొల్లు
ఏ ఫాంటు పెట్టినా అంతే. క్రావడికీ, వత్తులకూ యూనికోడ్‌లో విడి సంఖ్యలు లేవు. ఏ అక్షరాలు కలిస్తే ఏ బొమ్మ గీయాలో చెప్పే నియమాలు ఫాంటు లోపల ఉంటాయి, వాటిని చదివి అమలు చేసే భాగం ఇంజన్‌లో ఉండాలి. ఈ ఆట యూనిటీ ఇంజన్‌లో, టెక్స్ట్‌మెష్ ప్రో అనే రాత భాగంతో చేసినట్టుంది. అది ఒక్కో సంఖ్యకు ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది, ఆ నియమాల జోలికి పోదు. గోడో 4 ఇంజన్‌లో ఆ నియమాలను అమలు చేసే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి అక్కడ వత్తులు కుదురుతాయి.

జయనగర_వాసి
ఇప్పుడు సరిగ్గా చూశాను. కన్నడంలోనూ ఒత్తులు విడిపోయే ఉన్నాయి. డబ్బాలు లేవు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆట_తయారీ
ఆట మొత్తాన్ని వేరే ఇంజన్‌కు మార్చడం మా వల్ల కాదు. చదివితే అర్థమవుతోంది కదా. తెలుగు ఎంచుకునేవారు తక్కువ. అన్నీ కుదిరాకే ఇద్దామంటే తెలుగు ఎప్పటికీ రాదు.

అనువాదం_నాదే
ఇంతవరకు ఊరుకున్నాను. ఈ ఆటకు తెలుగు చేసింది నేను, పైసా తీసుకోకుండా. ప్రతి మాటకూ రెండు మూడు రూపాలు రాసి, పిల్లలకు తేలికైనది ఏరి ఇచ్చాను. ‘ప్రారంభించు’ను ముక్కలు చేసి తెర మీద పెట్టి, కింద నా పేరు వేశారు. చూసినవారు తప్పుల తడక అనువాదమని నన్నే అంటున్నారు. విడుదలకు ముందు ఒక్క తెర బొమ్మ అయినా నాకు పంపించారా? ఇంగ్లీషులో అక్షరాలు ఇలా చెదిరితే ‘అర్థమవుతోంది కదా’ అని అమ్మేవారా?

ఆట_తయారీ
ఉచితంగా చేశారని గౌరవంతోనే పేరు వేశాము. మా బృందంలో తెలుగు చదవగలిగేవారు ఎవరూ లేరు.

అనువాదం_నాదే
నేను చదవగలను కదండీ! అడిగితే చాలు. చదవలేని భాషను చదివించి చూసుకోకుండా అమ్మకూడదు. వత్తులు కుదిరేవరకు తెలుగును జాబితాలోంచి తీసేయండి.

హొరమావు_శ్రీను
తీసేయకండి. మా పాప గుణింతాలు కూడబలుక్కుంటోంది. విరిగిన తెలుగైనా ఉంటే పక్కన కూర్చుని సరిచేస్తాను. అసలే లేకపోతే కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఆడేస్తుంది.

అనువాదం_నాదే
చదవడం నేర్చుకునే పిల్లకు తప్పు ఆకారాలు చూపించడం మరీ నష్టం, శ్రీను గారూ. ‘ప్ర’ అంటే ప, పొల్లు, ర అని కళ్లకు అలవాటైపోతుంది.

కేఆర్‌పురం_రవి
మెనూలో ఉన్నవి పదో పదిహేనో మాటలు. వాటిని బొమ్మలుగా పెట్టేస్తే సరిపోదా?

వత్తు_పొల్లు
మెనూకు సరిపోతుంది. సంభాషణలకు కుదరదు, ఆటగాడి పేరు, మారే అంకెలు వాక్యం మధ్యలో వస్తాయి కాబట్టి. రెండో దారి, వాక్యాలను బయట హార్ఫ్‌బజ్‌తో ముందే కూర్చి, ఒక్కో సంయుక్తాక్షరానికి ఫాంటులో ఒక సొంత సంఖ్య కేటాయించడం. పని ఎక్కువే, కానీ ఇంజన్ మార్చనక్కరలేదు. ఏ దారిలో వెళ్లినా ఈ వరస ఒక తెర మీద పెట్టి అనువాదకురాలికి చూపించండి:

```
లక్ష్మి స్త్రీ జ్ఞానం కై హ్రస్వం సౌండ్‌ట్రాక్
```

‘కై’లో ఐత్వం సగం పైన, సగం కింద పడాలి. ‘స్త్రీ’లో త వత్తూ, క్రావడీ రెండూ సకారాన్ని అంటుకుని ఉండాలి.

ఆట_తయారీ
మెనూ మాటలను బొమ్మలుగా మారుస్తాము. సంభాషణల సంగతి ఇప్పుడే మాట ఇవ్వలేము. తెలుగును జాబితాలో ఉంచుతున్నాము.

అనువాదం_నాదే
అయితే సంభాషణలు సరిపడేవరకు నా పేరు తీసేయండి. మెనూ బొమ్మలు చేశాక పంపండి, చూసిపెడతాను.