టెల్-షో-డూలో సూదిని కూడా పిల్లలకు చూపించాలా?

కుసుమ:
మా పాపకి అయిదేళ్ళు. కింది దవడలో ఒక పాలపన్ను పుచ్చింది. మొన్న తీసుకెళ్తే డాక్టర్ అద్దం, గాలి గొట్టం అన్నీ ముందు చెప్పి, చూపించి, తర్వాతే నోట్లో పెట్టారు. పాప బాగానే కూర్చుంది. ఆ తర్వాత "పంటికి నిద్ర నీళ్ళు పోస్తా" అని ఇంజెక్షన్ ఇచ్చేశారు. కెవ్వున ఏడ్చింది, పని అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు బ్రష్ చేయడానికి కూడా నా దగ్గర నోరు తెరవట్లేదు. సూది గురించి ముందే చెప్పి, చూపించాల్సిందా? చూపిస్తే ఇంకా భయపడేదా?

సూటిమాట:
చూపించాల్సిందేనండీ. టెల్-షో-డూ అంటేనే చెప్పడం, చూపడం, చెయ్యడం. అన్నీ చూపించి సూది ఒక్కటే దాచేస్తే అది మోసం కాక మరేమిటి? మా వాడికి నేనే ముందురోజు ఇంట్లో సిరంజి, సూది చేతికిచ్చి చూపించా. "ఇది గుచ్చుతారు, అస్సలు నొప్పి ఉండదు, భయపడకు" అని పదిసార్లు చెప్పా. అక్కడికెళ్ళాక కొంచెం గొడవ చేశాడనుకోండి, అది వేరే విషయం.

పీజీ రెండో ఏడు:
నేను పిల్లల దంత వైద్యంలో పీజీ చేస్తున్నా. మాకు నేర్పేది దీనికి పూర్తిగా ఎదురు. సూది పిల్లల కంట పడకూడదు. అసిస్టెంట్ దాన్ని గడ్డం కిందుగా, చూపు ఆనని దారిలో అందిస్తుంది. డాక్టర్ రెండో చేత్తో బుగ్గ పట్టుకుని, ఆ చెయ్యే అడ్డుగా ఉంచుతాడు. అయిదేళ్ళ పిల్లకి సూది పొడవు చూడగానే మిగతాదేదీ చెవికెక్కదు. కుసుమ గారూ, మీ డాక్టర్ "నిద్ర నీళ్ళు" అనడం తప్పేం కాదు, మేమంతా అలాంటి మాటలే వాడతాం. తప్పు వేరే ఎక్కడో జరిగి ఉంటుంది.

నరసింహ:
ఇంత చర్చ ఎందుకో నాకర్థం కాలేదు. మా పెద్దాడికి నాలుగేళ్ళప్పుడు ముగ్గురు గట్టిగా పట్టుకుని పన్ను తీసేశారు. అరుస్తుంటే నోటి మీద చెయ్యి కూడా అడ్డం పెట్టారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. వాడికిప్పుడు పదహారేళ్ళు, ఏం గుర్తులేదంటాడు. అయితే పళ్ళ డాక్టర్ దగ్గరికి మాత్రం రాడు.

పాలపళ్ళ డాక్టర్:
నరసింహ గారూ, జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. అలా నోరు మూయడం ఒకప్పుడు పుస్తకాల్లో ఉన్న పద్ధతే. అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ 2006లో దాన్ని తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది. బిడ్డ కదలకుండా పట్టుకోవడం ఇంకా ఉంది గానీ, అది తల్లిదండ్రుల అనుమతితో, వేరే దారి లేనప్పుడు చేసేది. గొడవ అణచడానికి కాదు.

ఇక కుసుమ గారి ప్రశ్న. సూటిమాట గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. అబద్ధం చెప్పకూడదు. కానీ టెల్-షో-డూలో చూపించాల్సింది వస్తువుని కాదు, బిడ్డకి తెలియబోయే అనుభవాన్ని. 1959లో ఆడెల్‌స్టన్ ఈ పద్ధతిని రాసినప్పటి నుంచీ దీని ప్రాణం ఒకటే: చెప్పినదానికీ చేసినదానికీ తేడా రాకూడదు, మధ్యలో ఆలస్యం కాకూడదు. పళ్ళు రుద్దే రబ్బరు కప్పుని ముందు బిడ్డ గోరు మీద తిప్పుతాం. గోరుకి తెలిసిన గిలిగింతే పంటికీ తెలుస్తుంది కాబట్టి మాట నిలబడుతుంది. సూదిని అలా గోరు మీద చూపించలేం కదా. దాన్ని కళ్ళ ముందు పట్టుకుంటే బిడ్డకి కనిపించేది దాని పొడవు, తెలియబోయేది ఒక గిచ్చుడు. ఆ రెండూ ఒకటి కావు.

అందుకని నేను గిచ్చుడునే చూపిస్తా. ముందు చిగురుని గాజుగుడ్డతో తుడిచి ఆరబెట్టి, దూదిపుల్లతో మత్తు జెల్లీ రాస్తా. తడి మీద రాస్తే అది లాలాజలంతో కొట్టుకుపోయి నాలుక మొద్దుబారుతుంది, చిగురు బారదు. ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. చాలామంది పావు నిమిషానికే తొందరపడతారు. ఆ ఆగే సమయంలోనే బిడ్డ చెయ్యి తీసుకుని, చర్మాన్ని వేళ్ళతో కొంచెం గట్టిగా నొక్కి, "నోట్లో ఇలా నొక్కినట్టు, కాస్త గిచ్చినట్టు ఉంటుంది. నేను అయిదు లెక్కపెట్టేసరికి గిచ్చడం తగ్గుతుంది, తర్వాత పెదవి లావెక్కినట్టు అనిపిస్తుంది. ఆపమనాలంటే ఎడమ చెయ్యి ఎత్తు" అంటా. చెయ్యి ఎత్తితే నిజంగా ఆపాలి. ఒక్కసారి ఆపకపోయినా ఆ సైగకి విలువ పోతుంది.

మందు ఎంత మెల్లగా ఎక్కిస్తే అంత తక్కువ నొప్పి. ఒక మిల్లీలీటరుకి సుమారు నిమిషం పట్టాలి. కుసుమ గారి పాప విషయంలో నా అనుమానం ఇక్కడే. "నీళ్ళు పోస్తా" అన్నారు, బిడ్డకి తెలిసింది పోటు. అప్పటిదాకా అద్దం, గాలి గొట్టం అన్నీ చెప్పినట్టే ఉన్నాయి కాబట్టి నమ్మింది. ఆ ఒక్క మాట తప్పేసరికి ముందు చెప్పినవన్నీ కూడా అబద్ధాలైపోయాయి.

పీజీ రెండో ఏడు:
సార్, అయితే మీరు సూది దాచరా?

పాలపళ్ళ డాక్టర్:
దాస్తాను. అడక్కపోతే కళ్ళ ముందుకి తీసుకురాను. గడ్డం కింద నుంచే అందుకుంటా. అడిగితే మాత్రం మూత పెట్టి చూపిస్తా, "అవును, సూదే" అంటా.

సూటిమాట:
అంటే అడిగే పిల్లలకి నిజం, అడగని పిల్లలకి దాపరికం. డాక్టర్ గారూ, కోపం తెచ్చుకోకండి, కానీ ఇది మీ సౌకర్యం కోసం గీసుకున్న గీతలాగే ఉంది.

పాలపళ్ళ డాక్టర్:
కోపమేం లేదు, నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంది. అయితే మీరు ఇంట్లో చేసినదాని గురించి ఒక మాట. ముందురోజు సూది చూపిస్తే ఆ రాత్రంతా వాడు దాని గురించే ఆలోచిస్తాడు. చూపడానికీ చెయ్యడానికీ మధ్య పన్నెండు గంటలు పోతే అది టెల్-షో-డూ కాదు. ఇక "అస్సలు నొప్పి ఉండదు" అన్న మాటని ఒక్క గిచ్చుడు చెరిపేస్తుంది. "భయపడకు" అని పదేపదే అంటే, భయపడాల్సింది ఏదో ఉందని పిల్లలకి అర్థమవుతుంది.

పీజీ రెండో ఏడు:
నాకు ఇంకో ఇబ్బంది ఎదురైంది. కొందరు అన్నీ వింటారు, తల ఊపుతారు, సరిగ్గా మొదలుపెట్టే ముందు "ఒక్క నిమిషం", "నీళ్ళు తాగాలి", "బాత్రూమ్". టెల్ అయింది, షో అయింది, డూ దగ్గర ఇరవై నిమిషాలు గడిచిపోతాయి.

పాలపళ్ళ డాక్టర్:
అది మొండితనం కాదు తమ్ముడూ, నీ షో పొడవైపోయిందని గుర్తు. ఒక్కో పనికి రెండు మూడు వాక్యాలు చాలు. నోటి వైపు చూడకు, కాళ్ళు చూడు. వేళ్ళు ముడుచుకుని, చేతులు కుర్చీ పట్టుకుని, కళ్ళు ట్రే మీదే ఉంటే తల ఊపినా ఒప్పుకోనట్టే. ఇంకొకటి, ఇంజెక్షన్ అయ్యాక "మొద్దుబారిందా?" అని అడగకు, వాళ్ళకా మాట తెలియదు. "రెండు వైపులా పెదవి ఒకేలా ఉందా?" అని అడుగు. మత్తు సరిగా ఎక్కకుండా పంటి మీద చెయ్యి వేస్తే ఏ మాటల పద్ధతీ పనిచెయ్యదు. చీము పట్టిన చోట మందు సరిగా పట్టదన్నది కూడా గుర్తుంచుకో.

నరసింహ:
అమ్మానాన్నల్ని గదిలో ఉంచాలా, బయటికి పంపాలా? మమ్మల్ని పంపేశారు.

పాలపళ్ళ డాక్టర్:
దీని మీద మాలో మాకే ఒప్పందం లేదు. మూడేళ్ళ లోపు బిడ్డయితే అమ్మ ఒళ్ళోనే చూస్తా. అయిదేళ్ళకి నేను ఉండమనే అంటా, ఒక షరతు మీద: మాట్లాడేది ఒక్కరే. నేను "గిచ్చుతుంది" అని చెప్తుంటే పక్క నుంచి "ఏం కాదు నాన్నా" అని వినిపిస్తే బిడ్డ ఎవరిని నమ్మాలి?

కుసుమ:
మళ్ళీ తీసుకెళ్ళేముందు "ఈసారి కూడా నిద్ర నీళ్ళేనా?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

పాలపళ్ళ డాక్టర్:
"పోయినసారి నీళ్ళని చెప్పారు, కానీ అది గిచ్చింది కదా. నీకు కోపం రావడం సరైనదే. ఈసారి పళ్ళు లెక్కపెట్టడమే" అనండి. అక్కడ నిజంగా లెక్కపెట్టి పంపేయమనండి. రెండోసారి బ్రష్, గాలి గొట్టం. ఇలా రెండుసార్లు మాట నిలబడ్డాకే పని. పోయినసారి తను బాగా చేసిన ఒక పనిని కూడా గుర్తుచేయండి. "అద్దం పెట్టినప్పుడు నోరు పెద్దగా తెరిచావు" లాంటిది. ఊరికే "మంచి పిల్లవి" అంటే సరిపోదు, చేసిన పని పేరు చెప్పాలి. జ్ఞాపకంలో ఏడుపు ఒక్కటే మిగలకూడదు. రాత్రి నొప్పి, వాపు ఉంటే మాత్రం ఇన్ని రోజులు ఆగొద్దు.

కుసుమ (మూడు వారాల తర్వాత):
నొప్పి, వాపు లేవు కాబట్టి ఆగాం. వేరే డాక్టర్ దగ్గరికి మార్చాం. రెండుసార్లు లెక్కపెట్టి పంపారు, నోరు తెరిచింది. మూడోసారి ఇంజెక్షన్ ఇవ్వాలనుకున్న రోజు పాపే "చూపించు" అంది. ఆవిడ మూత పెట్టి చూపించారు. పాప చూసి, "చాలా పొడవుంది, వద్దు" అని కుర్చీ దిగేసింది. ఆవిడ బలవంతం చేయలేదు. ఎక్స్‌రే మళ్ళీ చూసి, పుచ్చు నరానికి ఇంకా దూరంగానే ఉందని, పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి పంపారు. కొన్ని రోజులకి అవి తీసి, ఇంజెక్షన్ లేకుండా, పన్ను అరగదీయకుండా స్టీలు తొడుగు నొక్కి అంటించారు. హాల్ పద్ధతి అన్నారు. గట్టిగా కొరకమన్నారు, పాప కొరికింది. ఇప్పుడు కాస్త ఎత్తుగా తగులుతోంది అంటోంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుందట.

పీజీ రెండో ఏడు:
చూశారా, చూపించకపోతే ఆ రోజే ఇంజెక్షన్ అయిపోయేది.

సూటిమాట:
చూపించబట్టే కదా సూది అక్కర్లేదని తెలిసింది!

పాలపళ్ళ డాక్టర్:
సూది అక్కర్లేదని చెప్పింది ఎక్స్‌రే, పాప కాదు. అయితే ఆ ఎక్స్‌రేని మళ్ళీ చూసేలా చేసింది మాత్రం పాపే.

కుసుమ:
మరి మొదటి డాక్టర్ ఆ రోజే ఈ తొడుగు పెట్టి ఉండొచ్చా?

పాలపళ్ళ డాక్టర్:
అప్పటి ఎక్స్‌రే చూడకుండా నేను చెప్పలేనమ్మా. తీసుంటే కాపీ అడగండి.